టోటల్ కాలమ్ కూడా ఎక్కించండి, లెక్కించకండి

చేతిరాత రిజిస్టర్‌లోని మార్కులు ఎక్సెల్‌లోకి ఎక్కించమని ఎవరికి చెప్పినా, మా స్కూల్లో మొదట జరిగేది ఒకటే. చివర్లో ఉన్న టోటల్ కాలమ్ వదిలేస్తారు. "టోటల్ ఎందుకు సార్, ఫార్ములా పెడితే అదే వస్తది కదా" అంటారు. మామూలుగా చూస్తే నిజమే అనిపిస్తుంది. పిల్లల పేర్లు వరుసల్లో, సబ్జెక్టులు కాలమ్‌లలో, చివర SUM. టేబుల్ చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. అందులో ఏది తప్పో పట్టుకునే దారి మాత్రం ఆ క్షణమే మూసుకుపోతుంది.

నేను హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పరీక్షలయ్యాక మార్కులు ఎక్కించే పని ఎలాగూ లెక్కల సారు నెత్తినే పడుతుంది కాబట్టి, ఈ విషయంలో నాకు కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. రిజిస్టర్‌లో క్లాస్ టీచర్ రాసిన టోటల్‌ను కూడా అంకెకు అంకె ఎక్కించాలి. మనం లెక్కించిన టోటల్ పక్క కాలమ్‌లో వేరేగా ఉండాలి. రెండూ కలవని చోట పేజీలో ఉన్నది దేన్నీ దిద్దకూడదు.

దీనికి కారణం రిజిస్టర్ తయారయ్యే పద్ధతిలోనే ఉంది. 9వ తరగతి ఎస్‌ఏ-1 పేజీ తీసుకోండి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సోషల్ 80 చొప్పున, ఫిజికల్ సైన్స్, బయాలజీ 40 చొప్పున, మొత్తం 480. రిజిస్టర్ క్లాస్ టీచర్‌దే అయినా ఆమె ఒక్కరే నింపరు. అది స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఉంటుంది. పేపర్లు దిద్దడం అయిన సబ్జెక్టు టీచర్ వచ్చి తన కాలమ్ నింపి వెళ్తారు. హిందీ మేడమ్‌ది ఒక పెన్ను, సోషల్ సార్‌ది ఇంకోటి. అంటే పేజీలో చేతిరాత నిలువుగా ఒకటే, అడ్డంగా చూస్తే ఏడు రకాలు. టోటల్ కాలమ్ మాత్రం మొత్తం క్లాస్ టీచర్ చేతిదే, అదీ అడ్డంగా కూడి రాసింది.

ఇది తెలిస్తే పని ఎలా చెయ్యాలో దానంతటదే తెలుస్తుంది. నిలువుగా ఎక్కించాలి, అడ్డంగా సరిచూడాలి. మామూలుగా ఎక్కించేవాళ్ళు ఒక్కో పిల్లవాడి వరుస పట్టుకుని అడ్డంగా పోతారు. అలా పోతే ప్రతి గడిలోనూ కొత్త చేతిరాత. సోషల్ సార్ 7కి నడుమ గీత పెట్టరు, పైన చిన్న తోక మాత్రం లాగుతారు. ఇంగ్లీషు మేడమ్ 1 కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. హిందీ కాలమ్‌లో 4 పైన మూసుకుపోయి 9లా కనిపిస్తుంది. ఒకే కాలమ్‌లో కిందికి దిగుతూ పోతే నాలుగైదు అంకెలకే ఆ చెయ్యి అలవాటైపోతుంది. అనుమానం వస్తే పైన ఆ చేత్తోనే రాసిన ఇంకో 7 ఎలా ఉందో చూసుకోవచ్చు.

ఎక్కించే ముందు ఫొటో సంగతి. పొడుగు రిజిస్టర్‌లో రోల్ నంబర్, పేరు ఎడమ పేజీలో ఉంటాయి, సగం సబ్జెక్టులు కుడి పేజీలోకి పోతాయి. కుడి పేజీని విడిగా ఫొటో తీస్తే ఏ వరుస ఎవరిదో చెప్పే ఆధారం ఆ ఫొటోలో ఉండదు. సన్నటి కాగితం పట్టీ మీద వరుసల ఎడంతో 1 నుంచి 43 వరకు రోల్ నంబర్లు రాసి, కుడి పేజీ అంచున పెట్టి తీస్తే సరిపోతుంది. కుట్టు దగ్గరి కాలమ్‌లో మొదటి అంకె మడతలోకి పోతుంది. 61 కాస్తా 1లా పడుతుంది. అక్కడ పేజీని చేత్తో నొక్కి పట్టుకుని ఇంకో ఫొటో తీయాలి. కలర్‌లోనే తీయండి. బ్లాక్ అండ్ వైట్ స్కాన్‌లో ఎర్ర సిరా, నీలం సిరా ఒకటైపోతాయి. ఎర్ర సున్నా చుట్టినది ఫెయిల్ మార్కు అని తెలియకపోతే ఆ సున్నా గీత పక్క అంకెకు తగిలి 3 కాస్తా 8 అవుతుంది.

ఇక గడిలో ఏం రాయాలి? పేజీలో ఏముందో అదే. అంకె ఉంటే అంకె. రాకపోయినవాళ్ళకు `AB` అని ఉంటే `AB`. టీసీ తీసుకుపోయిన అబ్బాయి వరుస మీద గీత కొట్టి ఉంటే `TC`. ఉత్త గీత ఉంటే `DASH`. ఏమీ రాసి లేకపోతే `BLANK`. చదవడం రాకపోతే `?`. టేబుల్లో ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఖాళీ అంటే ఇంకా ఎక్కించలేదు అనే అర్థం ఒక్కటే ఉండాలి. ఇది చాదస్తం అని మా ఆఫీసులో నవ్వారు. కానీ `AB` బదులు 0 కొడితే ఏమవుతుందో చూడండి. నలుగురిలో ముగ్గురికి 60, 50, 40 వచ్చి, ఒకరు పరీక్షకు రాలేదనుకుందాం. ఎక్సెల్‌లో AVERAGE అక్షరాలున్న గడిని పక్కన పెట్టి 50 చూపిస్తుంది. అదే గడిలో 0 ఉంటే 37.5 చూపిస్తుంది. లెక్కల సార్ సరిగా చెప్పట్లేదని మీటింగ్‌లో మాట పడేది అలాంటప్పుడే. నిజంగా సున్నా వచ్చిన పిల్లాడు, జ్వరంతో ఇంట్లో ఉన్న పిల్లాడు ఒకటి కాదు కూడా.

కాలమ్‌లు ఇలా అనుకుందాం. A రోల్ నంబర్, B పేరు, C నుంచి I వరకు ఏడు సబ్జెక్టులు, J రిజిస్టర్‌లో రాసి ఉన్న టోటల్, K తేడా. K2లో:

```
=SUM(C2:I2)-J2
```

SUM కూడా అక్షరాల గడులను పట్టించుకోదు కాబట్టి `AB`, `?` ఉన్నా ఇబ్బంది లేదు. టీసీ వరుసలో టోటల్ ఉండదు, అక్కడ ఫార్ములా తీసేయండి. K మొత్తం సున్నాలుంటే సంతోషం. సున్నా కానిచోట అసలు పని మొదలవుతుంది. ఎంత తేడా వచ్చిందన్నదే చాలాసార్లు ఎక్కడ చూడాలో చెప్పేస్తుంది.

17వ నంబర్ వరుస చూద్దాం. ఎక్కించిన మార్కులు తెలుగు 61, హిందీ 58, ఇంగ్లీషు 74, లెక్కలు 39, ఫిజికల్ సైన్స్ 22, బయాలజీ 27, సోషల్ 55. కూడితే 336. రిజిస్టర్‌లో టోటల్ 309. తేడా 27. ఇది 9తో భాగించబడుతుంది. రెండంకెల సంఖ్యలో అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9 గుణిజమే అవుతుంది. 27ని 9తో భాగిస్తే 3, అంటే తారుమారైన రెండంకెల మధ్య ఎడం 3. మనది ఎక్కువ వచ్చింది కాబట్టి పదుల స్థానంలో పెద్ద అంకె పడి ఉండాలి. ఆ వరుసలో అలాంటిది 74 ఒక్కటే. 58లో ఎడం 3 ఉన్నా పదుల అంకె చిన్నది, పైగా తిప్పితే 85 అవుతుంది, పేపరే 80కి. పేజీలో ఇంగ్లీషు కాలమ్ ఒక్కటి చూస్తే చాలు, అక్కడ 47 ఉంది. ఏడు గడులూ మళ్ళీ వెతికే పని తప్పింది.

తేడా 6 వస్తే ఒకట్ల స్థానంలో 1ని 7గానో, 0ని 6గానో చదివి ఉంటాం. 5 వస్తే 4, 9 లేదా 3, 8. యాభై, అరవై వస్తే అవే జంటలు పదుల స్థానంలో. ఇవి రూల్స్ కావు, ముందు ఎక్కడ చూడాలో చెప్పే ఊహలు. పేజీలో కనిపించాకే దిద్దాలి.

`?` పెట్టిన గడి సంగతీ ఇలాగే. 8వ నంబర్‌కు లెక్కల మార్కు మీద మళ్ళీ దిద్ది రాశారు, 41లా ఉంది, 47లా కూడా ఉంది. `?` పెట్టాం. K కాలమ్‌లో మైనస్ 47 వచ్చింది. టోటల్ రాసేటప్పుడు క్లాస్ టీచర్‌కు అది 47 అన్నమాట. అప్పుడు 47 రాసి, పక్కన వివరాల కాలమ్‌లో "దిద్దుబాటు, టోటల్‌ను బట్టి 47" అని రాసుకుంటాను. ఆ వరుసలో రెండు `?` ఉంటే ఈ దారి పనికిరాదు.

అన్నిటికన్నా మోసం చేసే తప్పు వేరే ఉంది, కాలమ్ జారడం. హిందీ కాలమ్‌లో 31వ నంబర్ గడిలో ఏమీ రాసి లేదు. ఎక్కించేవాళ్ళు దాన్ని చూసుకోకుండా 32వ నంబర్ మార్కు 52ను 31 దగ్గర కొట్టారు. 33వ నంబర్‌ది 47, అది 32 దగ్గర పడింది. 34వ నంబర్ 60 వెళ్ళి 33 దగ్గర. అక్కణ్ణుంచి చివరిదాకా హిందీ అందరిదీ పక్కవాడి మార్కే. చూడ్డానికి ఏ గడిలోనూ తప్పు కనిపించదు, అన్నీ 80 లోపే. కాలమ్ మొత్తం కూడినా అదే వస్తుంది, ఎందుకంటే అంకెలేవీ మారలేదు, చోటు మారింది. హిందీ సగటు కూడా మారదు. కొందరు "కాలమ్ టోటల్ కలిసింది సార్, ఇక ఓకే" అంటారు కదా, ఆ మాట ఇక్కడ ఎందుకూ పనికిరాదు. అడ్డంగా చూస్తే మాత్రం వెంటనే దొరుకుతుంది. K కాలమ్‌లో 30 వరకు సున్నాలు, 31 దగ్గర 52, 32 దగ్గర మైనస్ 5, 33 దగ్గర 13, ఇలా చివరిదాకా. ఒక రోల్ నంబర్ నుంచి కింద వరుసగా తేడాలు మొదలయ్యాయంటే పిల్లలందరి టోటళ్ళూ తప్పని కాదు, ఏదో ఒక కాలమ్ అక్కడ జారింది. 31 దగ్గర 52 అదనంగా వచ్చింది కాబట్టి ఆ వరుసలో 52 ఎక్కడుందో చూస్తే ఏ కాలమో కూడా తెలిసిపోతుంది.

ఏ గడీ ఖాళీ వదలకూడదన్న చాదస్తం ఇక్కడ రెండోసారి పనికొస్తుంది. 43 మంది ఉన్న సెక్షన్‌లో ప్రతి సబ్జెక్టు కింద ఇది పెట్టుకోండి:

```
=COUNTA(D2:D44)
```

43 రావాలి. 42 వచ్చిందంటే కాలమ్ పైకి జరిగి చివరి గడి ఖాళీ మిగిలిందని అర్థం. టోటల్స్ ఎక్కించకముందే పట్టుకోవచ్చు.

ఇద్దరు కూర్చుని ఒకరు చదివి ఒకరు కొట్టే పద్ధతి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మా దగ్గర మార్కులు ఇంగ్లీషులోనే చదువుతారు. థర్టీన్, థర్టీ మధ్య తేడా స్టాఫ్‌రూమ్ ఫ్యాన్ చప్పుడులో ఎవరికి వినపడుతుంది? అలాగే చెయ్యాలనుకుంటే "వన్ త్రీ", "త్రీ జీరో" అని అంకెలుగా చదవమనండి.

ఫొటో పెడితే టేబుల్ చేసిచ్చే యాప్‌లు ఇప్పుడు ఫోన్లలోనే ఉన్నాయి, మా వాళ్ళూ వాడతారు. నేను వద్దనను. కానీ అవి కూడా మనిషి జారే చోటే జారుతాయి. ఖాళీ గడిని గుర్తించకుండా కుడివైపు మార్కులను ఎడమకు లాగేస్తాయి. బయాలజీ కాలమ్‌లో 58 కనిపించిందంటే అదే జరిగింది, ఎందుకంటే ఆ పేపరు 40కే. కొట్టివేతను, దిద్దుబాటును చూసి ఆగకుండా ఏదో ఒక అంకె ఇచ్చేస్తాయి. మనిషైతే కనీసం "ఇదేంటి?" అని అడుగుతాడు. కాబట్టి యాప్ తీసినదానికీ అదే K కాలమ్, అదే COUNTA. ఒక్క మాట, ఫొటో తీసేటప్పుడు పేర్ల కాలమ్ మీద కాగితం కప్పండి. పిల్లల పేర్లు, మార్కులు కలిపి ఎక్కడికో అప్‌లోడ్ చేయాల్సిన అవసరం ఏమీ లేదు, రోల్ నంబర్ చాలు. పేర్లతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే సెక్షన్‌లో ఇద్దరు సాయికిరణ్‌లు, ఇద్దరు ఆయేషాలు ఉండటం మామూలే. మార్కుల పేజీలో ఇంటిపేరు కూడా ఉండదు.

హైదరాబాద్ స్కూళ్ళలో ఇంకో ప్రత్యేకమైన చిక్కు. కాలమ్ పైన "తెలుగు" అని ఉంటుంది, లోపల కొన్ని మార్కుల పక్కన చిన్నగా U అని ఉంటుంది. ఆ పిల్లలు ఆ పేపరు ఉర్దూలో రాశారు. రిజిస్టర్‌లో కాలమ్‌లు అచ్చేసి ఉంటాయి కాబట్టి టీచర్లు ఉన్న కాలమ్‌లోనే సర్దేస్తారు. ఆ U వదిలేసి ఎక్కిస్తే టోటల్ బాగానే కలుస్తుంది, తెలుగు సగటు మాత్రం సగం ఉర్దూ సగటు అవుతుంది. దానికి పక్కన "భాష" అని ఒక కాలమ్ పెట్టి U ఉన్నచోట U అని రాయడమే. ఉర్దూ కోసం కొత్త మార్కుల కాలమ్ పెట్టొచ్చు కదా అంటే పెట్టొచ్చు, కానీ అది తర్వాతి షీట్‌లో. మొదటి షీట్ పేజీలాగే ఉండాలి, లేదంటే పేజీ పక్కన పెట్టి చూసుకోవడం కష్టం.

అడ్డంగా సరిచూడటానికి ఉన్న లిమిట్ కూడా చెప్పాలి. ఫిజికల్ సైన్స్, బయాలజీ కాలమ్‌లు ఒకదాని చోట ఒకటి ఎక్కిస్తే టోటల్‌లో తేడా రాదు. రెండూ 40కే కాబట్టి ఏ మార్కూ హద్దు దాటదు, COUNTA కూడా కలుస్తుంది. ఒకే వరుసలో రెండు తప్పులు, ఒకటి 6 ఎక్కువ, ఒకటి 6 తక్కువ అయితే అవీ దాక్కుంటాయి. అందుకే K అంతా సున్నాలొచ్చాక కూడా ప్రతి కాలమ్‌లో మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి పేజీతో పోల్చి చూస్తాను. కాలమ్‌లు తారుమారైతే మొదటిదానితోనే బయటపడుతుంది.

ఇక దిద్దకూడదు అన్నది ఎందుకంత గట్టిగా అంటున్నానో 23వ నంబర్ వరుసతో చెప్తాను. తెలుగు 54, హిందీ 49, ఇంగ్లీషు 38, లెక్కలు 41, ఫిజికల్ సైన్స్ 19, బయాలజీ 24, సోషల్ 59. మొత్తం 284. రిజిస్టర్ టోటల్ 294. తేడా సరిగ్గా 10. ఫొటోలో ఏ అంకెలోనూ అనుమానం లేదు. చేత్తో కూడేటప్పుడు ఇలా పది తేడా రావడానికి మామూలు కారణం పదుల్లోకి తీసుకెళ్ళే శేషం. ఒకట్లన్నీ కూడితే 44, శేషం 4. అక్కడ పొరపాటున 5 పట్టుకుంటే 284 బదులు 294 వస్తుంది. ఆఫీసులో అందరూ అదే అన్నారు. "మేడమ్ కూడిక తప్పు, 284 వేసేద్దాం." టోటల్ వదిలేసి ఫార్ములా పెట్టుకున్నవాళ్ళకైతే అసలు ఈ ప్రశ్నే రాదు, 284 దానంతటదే పడిపోతుంది.

నేను మార్కులు, టోటల్ రెండూ అలాగే ఉంచి, K దగ్గర రంగు వేసి, క్లాస్ టీచర్‌కు అనుమానాల చీటీ పంపాను. "మేడమ్, 23ది ఒక్కసారి చూడండి" అని. ఆవిడ టోటల్స్ రిజిస్టర్ చూసి వెయ్యలేదట. సబ్జెక్టు టీచర్లు ఇచ్చిన స్లిప్పులు చూసి వేశారట. లెక్కల స్లిప్పులో 51 ఉంది. జవాబు పత్రం తీసి చూశాం, 51. రిజిస్టర్‌లోకి ఎక్కేటప్పుడే 41 అయింది. టోటల్ కరెక్టు, మార్కు తప్పు. "కూడిక తప్పు" అని దిద్ది ఉంటే ఆ అమ్మాయికి పది మార్కులు పోయేవి. ఇంట్లోవాళ్ళు వచ్చి అడిగినా, టేబుల్లో అన్నీ చక్కగా కలిసి ఉంటాయి కాబట్టి మేమే కరెక్టని వాదించి పంపేవాళ్ళం.

మా ప్రిన్సిపల్‌కు ఇవన్నీ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి శుభ్రమైన షీట్ కావాలి. అది ఇస్తాను, రెండో షీట్‌గా. అందులో `AB`లు సాఫ్ట్‌వేర్ అడిగినట్టు మారతాయి, ఉర్దూ వేరే కాలమ్‌లోకి వెళ్తుంది, 23వ నంబర్ లెక్కల దగ్గర 51 ఉంటుంది. మొదటి షీట్‌లో మాత్రం ఇప్పటికీ 41, 294, మైనస్ 10 అలాగే ఉన్నాయి. పక్కన వివరాల కాలమ్‌లో "జవాబు పత్రంలో 51, క్లాస్ టీచర్ చూశారు" అని, తేదీ.